యాభై రెండు డిగ్రీల తుంటి

ఎదురుకాళ్లతో పుట్టిన ఆడపిల్ల. ఆరు వారాల వయసు. కుడి తుంటి స్కాన్‌లో ఆల్ఫా కోణం 62 డిగ్రీలు, ఎడమవైపు 52. పాప హాయిగా కాళ్లు ఆడిస్తోంది, నొప్పి లేదు. మరి డాక్టరు ఎడమ తుంటి గురించి ఎందుకు పట్టుబడతారు?

ఈ వయసులో తుంటి కీలు చాలావరకు మృదులాస్థే. తొడ ఎముక తలలో గట్టి ఎముక ఏర్పడటం సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొదలవుతుంది. అంతవరకు ఎక్స్‌రేలో ఆ తల కనిపించదు, అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తుంది. ఆస్ట్రియా ఎముకల వైద్యుడు రైన్‌హార్డ్ గ్రాఫ్ 1980 ప్రాంతంలో ఈ పరీక్షకు ఒక కొలత పద్ధతి ఏర్పరిచారు. కటి ఎముక అంచు వెంబడి ఒక గీత, తొడ తలపై కప్పులా ఉండే ఎముక వెంబడి మరో గీత గీస్తారు. రెండింటి మధ్య కోణమే ఆల్ఫా. కప్పు లోతుగా ఉంటే కోణం పెద్దది, చదునుగా ఉంటే చిన్నది. మృదులాస్థి కప్పును కొలిచే బీటా కోణం కూడా ఉంది గానీ, ముందు చూసేది ఆల్ఫానే.

అరవై, అంతకు మించి ఉంటే కీలు పక్వమైనట్టే. 43 కంటే తగ్గితే తొడ తల గిన్నెలోంచి పక్కకు జరిగిపోయిందని అనుమానించాలి. చిక్కంతా ఈ రెంటి నడుమ. పుట్టిన రెండో వారంలో 52 కనిపిస్తే కంగారు అక్కర్లేదు, ఇంకా ఎదుగుతుంది. ఆరో వారానికి గ్రాఫ్ లెక్క ప్రకారం కనీసం 55 ఉండాలి. మన పాప ఎడమ తుంటి ఆ మెట్టు ఎక్కలేదు. వయసు రాయని రిపోర్టులో అంకె ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ప్రోబ్ కాస్త వంకరగా పట్టినా మంచి తుంటి చెడ్డదిగా కనిపించవచ్చు. అందుకే కటి ఎముక అంచు తిన్నగా, గిన్నె అడుగు కొస, పక్కనుండే లేబ్రమ్ మూడూ స్పష్టంగా పడితేనే కొలవాలి. లేకుంటే మళ్లీ తీయించుకోవడమే మేలు.

ఇప్పుడే తేలితే చికిత్స సులువు. పావ్లిక్ హార్నెస్ అనే పట్టీలు కాళ్లను మడిచి, ఎడంగా ఉంచుతాయి. తల గిన్నె మధ్యలో ఒత్తుతుంటే, దాని చుట్టూ కప్పు లోతుగా పెరుగుతుంది. పిల్లను చంకనెత్తుకున్నప్పుడు కాళ్లు ఉండేదీ ఇంచుమించు ఇలాగే. కాళ్లు తిన్నగా చాపి గుడ్డలో బిగించి చుట్టడం దీనికి సరిగ్గా ఎదురు పని. పట్టీలనూ అతిగా విడదీసి బిగిస్తే తొడ తలకు రక్తప్రసరణ తగ్గి అది దెబ్బతినవచ్చు. జారిపోయిన తుంటి మూడు నాలుగు వారాల్లో కుదురుకోకపోతే అవి తీసేసి, మత్తిచ్చి సరిచేసి పిండికట్టు వేస్తారు. నడక మొదలయ్యాక గానీ బయటపడకపోతే, చాలామందికి గిన్నె ఎముకనే కోసి తిప్పాల్సి వస్తుంది.