కాల్ దారి మళ్లింపు: పెట్టడం, తీసేయడం

ఒక నంబరుకు వచ్చిన కాల్‌ను ఇంకో నంబరుకు పంపడాన్ని కాల్ ఫార్వర్డింగ్ అంటారు. ఆ పని చేసేది చేతిలోని ఫోన్ కాదు, టెలికాం సంస్థ నెట్‌వర్క్. ఫోన్ మెనూలో నొక్కిన బటన్ నెట్‌వర్క్‌కు ఒక ఆదేశం పంపుతుంది. అది ఆ నంబరు పేరిట అక్కడే నమోదవుతుంది. అందుకే ఫోన్ స్విచాఫ్ చేసినా, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా, సిమ్ తీసి వేరే హ్యాండ్‌సెట్‌లో వేసినా ఫార్వర్డింగ్ చెక్కుచెదరదు. తీసేయమని మళ్లీ నెట్‌వర్క్‌కే చెప్పాలి.

ఫార్వర్డింగ్‌లో నాలుగు రకాలున్నాయి. మొదటిది షరతు లేనిది. ఇది పెడితే అసలు ఫోన్ మోగదు, ప్రతి కాలూ నేరుగా రెండో నంబరుకు పోతుంది. మిగతా మూడూ షరతు మీద పనిచేస్తాయి: లైన్ బిజీగా ఉన్నప్పుడు, ఎత్తనప్పుడు, ఫోన్ ఆగిపోయి గానీ సిగ్నల్ లేక గానీ అందనప్పుడు. ఆండ్రాయిడ్‌లో డయలర్ తెరిచి, మూల మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో కాల్స్ విభాగానికి వెళితే నాలుగూ కనిపిస్తాయి. కంపెనీని బట్టి మెనూ పేరు కొంచెం మారుతుంది. రెండు సిమ్‌లుంటే ముందు ఏ సిమ్‌కో ఎంచుకోవాలి. ఐఫోన్ మెనూలో సాధారణంగా షరతు లేని రకం ఒక్కటే ఉంటుంది. మిగతావాటికి కోడ్‌లే దిక్కు.

తెనాలిలో ఒక మందుల దుకాణం ఉందనుకుందాం. యజమాని భోజనానికి వెళ్లినప్పుడు ఎత్తని కాల్స్ 20 సెకన్ల తర్వాత గుమాస్తా ఫోన్‌కు పోవాలి. జీఎస్‌ఎం ప్రమాణంలో దానికి డయల్ చేయాల్సిన కోడ్ ఇది. నంబరు ఉన్నచోట గుమాస్తా నంబరు వేయాలి:

```
**61*నంబరు**20#
```

చివరి సంఖ్య ఫోన్ ఎంతసేపు మోగాలో చెబుతుంది. 5 నుంచి 30 సెకన్ల దాకా, ఐదేసి చొప్పున పెంచుకోవచ్చు. 61 స్థానంలో 67 వేస్తే బిజీకి, 62 వేస్తే అందనప్పటికి, 21 వేస్తే అన్ని కాల్స్‌కూ వర్తిస్తుంది. ఈ మూడింటికీ సెకన్ల సంఖ్య అక్కర్లేదు. పెట్టినది ఉందో లేదో చూడాలంటే `*#61#`, తీసేయాలంటే `##61#`. ఒకటొకటిగా కాకుండా నాలుగు రకాలనూ ఒక్కసారే తుడిచేసేది `##002#`.

కోడ్‌లు అన్ని నెట్‌వర్క్‌లలోనూ ఎప్పుడూ పనిచేస్తాయని చెప్పలేం. `*401#` తరహా కోడ్‌లతో ఫార్వర్డింగ్ పెట్టే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని కేంద్ర టెలికాం శాఖ ఆదేశించింది. కారణం మోసాలు. కొరియర్ వాళ్లమనో టెలికాం కంపెనీ వాళ్లమనో ఫోన్ చేసి, డెలివరీ కోసమనో లైన్ బాగు చేయడానికనో ఒక కోడ్ డయల్ చేయించేవారు. ఆ కోడ్‌లోని నంబరు మోసగాడిది. ఆ క్షణం నుంచి బాధితుడి కాల్స్ అతనికి పోతాయి. ఓటీపీని కాల్ ద్వారా చెప్పే వాట్సాప్, బ్యాంకు సేవలు అతని చేతికి చిక్కుతాయి. కోడ్ పనిచేయకపోతే మెనూ, అదీ కుదరకపోతే కస్టమర్ కేర్ ఉన్నాయి. మెనూలో నెట్‌వర్క్ లోపమని వస్తే మొబైల్ డేటా ఆన్ చేసి మళ్లీ చూడాలి. 4జీలో ఈ సెట్టింగ్ తరచూ డేటా దారిలోనే వెళుతుంది.

`*#21#` కొడితే ఫోన్‌ను ఎవరైనా ట్యాప్ చేస్తున్నారో లేదో తెలుస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాట ఉత్తదే. అది చెప్పేది షరతు లేని ఫార్వర్డింగ్ ఉందా లేదా అన్నది మాత్రమే. `*#62#` కొట్టినప్పుడు తెలియని నంబరు కనిపిస్తే వెంటనే బెంబేలెత్తాల్సిన పనిలేదు. చాలాసార్లు అది సొంత టెలికాం సంస్థవారి వాయిస్ మెయిల్ లేదా మిస్డ్ కాల్ అలర్ట్ నంబరే. కస్టమర్ కేర్‌లో అడిగి నిర్ధారించుకోవచ్చు.

ఫార్వర్డింగ్ మాట్లాడే కాల్స్‌కే. ఎస్ఎంఎస్‌లు, వాట్సాప్ కాల్స్ పాత ఫోన్‌కే వస్తాయి. మళ్లిన కాల్ ఖర్చు మళ్లించినవారి ఖాతాలోనే పడుతుంది. అపరిమిత ప్లాన్లున్న దేశీయ కాల్స్‌లో ఇది పెద్దగా తెలియదు గానీ, విదేశాలకు వెళ్లేవారికి బాగా తెలుస్తుంది. ఆ మందుల దుకాణం యజమాని కూతురి దగ్గరికి అమెరికా వెళ్లి, సిమ్ రోమింగ్‌లో ఆన్ చేసి ఉంచాడనుకుందాం. ఎత్తనప్పటి ఫార్వర్డింగ్ అలాగే ఉంటే కాల్ ముందు అమెరికా దాకా వెళ్లి అక్కడ మోగుతుంది, ఎత్తకపోతే తిరిగి తెనాలికి వస్తుంది. రాకకూ పోకకూ రెండు అంతర్జాతీయ ఖర్చులు పడవచ్చు. విమానం ఎక్కకముందే షరతు లేని ఫార్వర్డింగ్ పెట్టుకుంటే కాల్ ఇండియాలోనే మళ్లిపోతుంది. బ్యాంకు ఓటీపీ ఎస్ఎంఎస్ మాత్రం ఆయన దగ్గరున్న సిమ్‌కే వస్తుంది.

బిజీ ఫార్వర్డింగ్ పెట్టినా పనిచేయడం లేదన్న ఫిర్యాదు వెనక ఎక్కువగా ఉండేది కాల్ వెయిటింగ్. అది ఆన్‌లో ఉన్నంతసేపు, ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరు చేసినా నెట్‌వర్క్ దృష్టిలో లైన్ బిజీ కాదు. రెండో కాల్ బీప్ శబ్దంతో తలుపు తడుతుంది. దాన్ని ఎత్తకుండా వదిలేస్తే ఎత్తనప్పటి ఫార్వర్డింగ్ వర్తిస్తుంది, కట్ చేస్తేనే బిజీది వర్తిస్తుంది. మాట్లాడుతుండగా వచ్చే కాల్స్ వెంటనే గుమాస్తాకు పోవాలంటే దుకాణం ఫోన్‌లో కాల్ వెయిటింగ్ తీసేయాలి. పెట్టడానికి `*43#`, తీయడానికి `#43#`, చూడడానికి `*#43#`. కొన్ని ఫోన్లలో ఇది మెనూ నుంచే మారుతుంది.

వాయిస్ మెయిల్ కూడా ఫార్వర్డింగే; కాల్ మనిషికి కాకుండా సంస్థ రికార్డింగ్ కేంద్రానికి మళ్లుతుంది. అమెరికాలో ఇది మామూలు విషయం. మన దగ్గర మిస్డ్ కాల్, వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఆ చోటును ఎప్పుడో ఆక్రమించాయి. ఆపాలంటే షరతులున్న మూడు ఫార్వర్డింగ్‌లనూ తుడిచే `##004#` సాధారణంగా చాలు. దానితో గుమాస్తాకు పెట్టిన మళ్లింపూ పోతుంది, మిస్డ్ కాల్ అలర్ట్ కూడా ఆగవచ్చు. కావలసింది మళ్లీ పెట్టుకోవాలి. వాయిస్ మెయిల్‌కు నెలవారీ చందా ఉంటే దాన్ని విడిగా రద్దు చేయించాలి.

కాన్ఫరెన్స్ కాల్‌కు ముందుగా పెట్టుకోవాల్సింది ఏమీ లేదు. ఒకరితో మాట్లాడుతూ యాడ్ కాల్ నొక్కి రెండోవారికి చేయాలి, మొదటివారు హోల్డ్‌లోకి వెళతారు. రెండోవారు ఎత్తాక మెర్జ్ నొక్కితే ముగ్గురూ కలుస్తారు. జీఎస్‌ఎం ప్రమాణం ప్రకారం ఇలా ఐదుగురి దాకా చేర్చుకోవచ్చు. చేర్చినవారికి చేసిన ప్రతి కాలూ నిర్వాహకుడి లెక్కలో విడివిడి కాలే. ఒకరిని పంపించాలంటే కాన్ఫరెన్స్ జాబితా తెరిచి ఆ పేరు పక్కన కట్ నొక్కాలి.

ఈ మెర్జ్ బటన్ మీద కూడా మోసగాళ్ల కన్ను పడింది. స్నేహితుడు ఇంకో నంబరు నుంచి చేస్తున్నాడు, కలపండి అంటారు. నిజానికి ఆ రెండో కాల్ బ్యాంకు ఓటీపీ చదివి వినిపించేది. కలిపిన మరుక్షణం మోసగాడూ వింటాడు. 2025 ఫిబ్రవరిలో యూపీఐ నిర్వాహక సంస్థ ఎన్‌పీసీఐ దీనిపై హెచ్చరించింది. తెలియనివారు అడిగితే కాల్ కలపకూడదు, కోడ్ డయల్ చేయకూడదు. ఇప్పటికే చేసి ఉంటే ముందు `##002#` కొట్టి, మెనూలో కూడా చూసుకుని, డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.