అమెరికా పన్ను లెక్కలో ఆరో ఏడాది

ఇద్దరు తెలుగు కుర్రాళ్లు అమెరికాలో ఒకే కంపెనీలో, ఒకే జీతానికి, ఒకే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద పనిచేస్తున్నారనుకుందాం. ఒకరి జీతంలో నెలనెలా 7.65 శాతం అదనంగా కోత పడుతుంది. రెండోవారికి ఆ కోత లేదు. అయినా కంపెనీ ఇద్దరి విషయంలోనూ సరిగానే చేసి ఉండొచ్చు. తేడా అంతా వాళ్లు అమెరికాలో అడుగుపెట్టిన సంవత్సరంలో ఉంది.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3.31 లక్షల మంది. విదేశీ విద్యార్థుల సంఖ్యలో ఆ ఏడాది చైనాను దాటి భారత్ మొదటి స్థానంలో నిలిచింది. వీరిలో తెలుగువారు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. వీసా ఇంటర్వ్యూకు నెలల తరబడి సిద్ధమయ్యే ఈ పిల్లల్లో చాలామందికి పన్ను సంగతి మొదటి ఏప్రిల్ వచ్చేదాకా తెలియదు. అప్పుడు కూడా రూమ్మేట్ ఏం చేశాడో చూసి అదే చేస్తారు. ఆ రూమ్మేట్ వేరే సంవత్సరంలో వచ్చినవాడైతే చిక్కు అక్కడే మొదలవుతుంది.

అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ విదేశీయులను రెసిడెంట్లు, నాన్ రెసిడెంట్లు అని రెండు రకాలుగా చూస్తుంది. ఇది వీసాలో రాసి ఉండే మాట కాదు, రోజులు లెక్కపెట్టి తేల్చే విషయం. ఈ ఏడాది అక్కడ గడిపిన రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, ముందటేడు రోజుల్లో ఆరో వంతు కలిపితే కనీసం 183 అయ్యాయా అని చూస్తారు. ఈ ఏడాది కనీసం 31 రోజులైనా అక్కడ ఉండాలి. ఎఫ్-1 విద్యార్థులకు మాత్రం చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాల్లో వాళ్ల రోజులు ఈ లెక్కలోకి రావు. ఎన్నాళ్లున్నా వాళ్లు నాన్ రెసిడెంట్లే.

క్యాలెండర్ సంవత్సరం అన్నచోటే చాలామంది పొరబడతారు. డిసెంబర్ 30న విమానం దిగినా ఆ ఏడాది మొత్తం ఒకటిగా ఖర్చయిపోతుంది. 2021 ఆగస్టులో హనుమకొండ నుంచి టెక్సాస్‌కు ఎంఎస్ చదవడానికి వెళ్లిన ఒక విద్యార్థినిని ఉదాహరణగా తీసుకుంటే, ఆమె అయిదేళ్లు 2026 ఆగస్టుతో కాదు, 2025 డిసెంబర్ 31తో ముగుస్తాయి.

మొదటి ఏడాది ఆమెకు ఆదాయం లేదు. ఫీజు, ఖర్చులు నాన్న పంపిన డబ్బుతో గడిచాయి. చదువు కోసం ఇంటి నుంచి వచ్చే డబ్బుకు అమెరికాలో పన్ను లేదు. అయినా ఆమె ఫారం 8843 పంపాలి. అయిదేళ్ల వెసులుబాటు కింద తన రోజులను లెక్కలోంచి మినహాయించమని చెప్పే చిన్న పత్రం అది. ఏ ఆదాయమూ లేనివారు దాన్ని సంతకం చేసి, మరుసటి ఏడాది జూన్ 15లోగా పోస్టులో పంపాలి. పంపకపోతే జరిమానా ఏమీ లేదు కానీ, రోజులను మినహాయించుకునే హక్కుకే ఎసరు రావొచ్చు. జీతం ఉన్నవారు ఇదే ఫారాన్ని ఏప్రిల్ 15లోగా తమ రిటర్నుకు జతచేస్తారు.

రెండో ఏడాది, అంటే 2022లో, ఆమె యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి 11,000 డాలర్లు సంపాదించిందనుకుందాం. ఇప్పుడు ఆమె వేయాల్సిన రిటర్ను 1040-ఎన్‌ఆర్. అమెరికన్లు వేసే 1040 కాదు. ఈ రెండింటికీ ఉన్న పెద్ద తేడా స్టాండర్డ్ డిడక్షన్. అమెరికన్లు తమ ఆదాయంలోంచి ఒక నిర్ణీత మొత్తాన్ని తీసేసి మిగతాదానికే పన్ను కడతారు. నాన్ రెసిడెంట్లకు మామూలుగా ఆ సౌకర్యం లేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే చైనా విద్యార్థికి కూడా లేదు. భారతీయ విద్యార్థులకు మాత్రం ఉంది.

దానికి కారణం 1989 సెప్టెంబర్ 12న ఢిల్లీలో రెండు దేశాలు సంతకం చేసిన పన్ను ఒప్పందం. అందులోని 21వ అధికరణం రెండో పేరా ప్రకారం భారత్ నుంచి చదువుకో శిక్షణకో వెళ్లినవారికి, ఆ చదువు, శిక్షణ సాగినంతకాలం, అక్కడి రెసిడెంట్లకు దక్కే మినహాయింపులే దక్కుతాయి. 2022లో స్టాండర్డ్ డిడక్షన్ 12,950 డాలర్లు. ఆమె ఆదాయం అంతకన్నా తక్కువ కాబట్టి ఫెడరల్ పన్ను సున్నా. జీతంలోంచి ముందే పట్టుకున్నది ఏమైనా ఉంటే రిఫండుగా తిరిగి వస్తుంది. ఒప్పందం సంగతి తెలియక ఆ గడి ఖాళీగా వదిలేస్తే అదే ఆదాయానికి 1,114 డాలర్ల పైచిలుకు కట్టాల్సి వచ్చేది. ఇది దానంతటదే దక్కదు. డిడక్షన్ వరుసలో మొత్తం వేసి, అది భారత్ ఒప్పందం కింద తీసుకుంటున్నదని రిటర్నులోనే రాయాలి.

2023లో చదువు పూర్తయింది. జులై నుంచి ఓపీటీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరు నెలల జీతం 36,000, అంతకుముందు క్యాంపస్ పని మీద 4,000, మొత్తం 40,000 డాలర్లు. ఆ ఏటి డిడక్షన్ 13,850 పోగా మిగిలిన 26,150 డాలర్ల మీద పన్ను 2,918. ఒప్పందం లేకపోతే అది 4,580 అయ్యేది.

ఇక్కడే పేస్లిప్ చూసుకోవాలి. సోషల్ సెక్యూరిటీ పేరిట 6.2 శాతం, మెడికేర్ పేరిట 1.45 శాతం జీతాల్లోంచి కోసే పద్ధతికి ఫైకా అని పేరు. నాన్ రెసిడెంటుగా ఉన్న ఎఫ్-1 విద్యార్థికి, ఓపీటీలో కూడా, ఈ కోత వర్తించదు. చిన్న కంపెనీల్లో జీతాల లెక్క చూసేవారికి ఈ సంగతి తెలియక అందరితోపాటు కోసేస్తుంటారు. ఆమెకు 36,000 మీద అలా పోయేది 2,754 డాలర్లు. ఇది ఆదాయపు పన్ను కాదు కాబట్టి 1040-ఎన్‌ఆర్ వేస్తే తిరిగిరాదు. ముందు కంపెనీనే అడగాలి. కంపెనీ తిరిగి ఇచ్చి, డబ్ల్యూ-2 సవరించి ఇవ్వొచ్చు. ఇవ్వనంటే ఫారం 843, దానికి తోడు ఫారం 8316 నింపి ఐఆర్‌ఎస్‌కు పంపాలి. మామూలుగా మూడేళ్లలోపు అడగాలి. డబ్ల్యూ-2లో 4, 6 నంబర్ల గడులు ఖాళీగా ఉన్నాయా లేదా అన్నది చూస్తే కోత పడిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

షేర్లు కొని అమ్మే అలవాటున్నవారికి ఒక హెచ్చరిక. ఏడాదిలో 183 రోజులు అమెరికాలో ఉన్న నాన్ రెసిడెంట్ విద్యార్థి అక్కడి షేర్ల మీద సంపాదించిన నికర లాభానికి నేరుగా 30 శాతం పన్ను పడుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ దీనికి అడ్డుపడదు. 2,000 డాలర్లు లాభం వస్తే 600 కట్టాల్సిందే. బ్యాంకు డిపాజిట్ల వడ్డీకి మాత్రం నాన్ రెసిడెంట్లకు పన్ను లేదు.

వీటన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు తప్పు ఫారం వేయడం. ఇంటర్నెట్‌లో ప్రచారమయ్యే ప్రముఖ సాఫ్ట్‌వేర్లు చాలావరకు 1040 కోసం తయారైనవే. విద్యార్థి వివరాలు నింపుతూ పోతే అవి చదువు ఖర్చుల మీద ఇచ్చే ఎడ్యుకేషన్ క్రెడిట్‌ను కూడా లెక్కగట్టి పెద్ద రిఫండ్ చూపిస్తాయి. మిత్రుడికి వెయ్యి డాలర్లు ఎక్కువ వచ్చాయని విని ఇంకొకరు అదే దారి పడతారు. నాన్ రెసిడెంట్‌కు ఆ క్రెడిట్ దక్కదు. డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన రిటర్ను సరైనదని కాదు. పొరపాటు తెలిసినప్పుడు 1040-ఎక్స్‌తో సవరించి, సరైన 1040-ఎన్‌ఆర్‌ను దానికి జతచేసి, ఎక్కువగా అందిన డబ్బు వడ్డీతో కట్టేయాలి. ఐఆర్‌ఎస్ నుంచి నోటీసు రాకముందే తనంతట తానుగా సవరించుకుంటే ఆ వ్యవహారం తేలిగ్గా ముగుస్తుంది. చాలా యూనివర్సిటీల విదేశీ విద్యార్థుల విభాగాలు నాన్ రెసిడెంట్ల కోసమే ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానో తక్కువ ధరకో ఇస్తాయి.

ఇక ఆరో ఏడాది. 2026 జనవరి 1 నుంచి హనుమకొండ అమ్మాయి రోజులు లెక్కలోకి వస్తాయి. వీసా అదే, ఉద్యోగం అదే, స్టెమ్ ఓపీటీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె అక్కడే ఉంటే జులై 2 నాటికి 183 రోజులు నిండుతాయి. రెసిడెంట్ హోదా మాత్రం జనవరి 1 నుంచే వచ్చినట్టు లెక్క. దాంతో ఫైకా కోత కూడా ఆ తేదీ నుంచే పడాలి. ఆమెతోపాటు పనిచేస్తూ 2023లో అమెరికా వచ్చిన కుర్రాడికి 2027 చివరిదాకా ఆ కోత ఉండదు. అతనికి మధ్యలో హెచ్-1బీ వస్తే ఆ హోదా మొదలైన రోజు నుంచే కోత మొదలవుతుంది. సోషల్ సెక్యూరిటీ విషయంలో భారత్, అమెరికాల మధ్య ఒప్పందం లేదు కాబట్టి దాన్ని తప్పించుకునే మార్గం కూడా లేదు.

రెసిడెంట్ అయ్యాక 1040 వేయాలి, స్టాండర్డ్ డిడక్షన్‌కు ఒప్పందంతో పని ఉండదు. కానీ ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అందులో చూపాలి. ఇక్కడ పన్ను లేని ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి అక్కడ పన్ను ఉంది. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద ఇక్కడ కోసిన పన్నును అక్కడి పన్నులోంచి ఒప్పందం, చట్టం ఇచ్చిన హద్దుల్లో తగ్గించుకోవచ్చు.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా మరిచిపోయేది ఉమ్మడి ఖాతాల సంగతి. తండ్రి తన రిటైర్మెంట్ డబ్బు 15 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, ముందుచూపుతో కూతురి పేరు కూడా కలుపుతాడు. డబ్బు ఆయనదే, వడ్డీ వాడుకునేదీ ఆయనే. అయినా రెసిడెంట్ అయిన కూతురి విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, ఆ వివరాలన్నీ ఎఫ్‌బార్ అనే ప్రకటనలో ఇవ్వాలి. ఉమ్మడి డిపాజిట్‌లో సగం కాదు, మొత్తం విలువ చూపాలి. ఇది పన్ను రిటర్నుతో కలిసి వెళ్లదు, అమెరికా ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో విడిగా వేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. ఎఫ్‌బార్ వేసినంత మాత్రాన పన్ను పడదు. వేయకపోతే పడే జరిమానా మాత్రం వేల డాలర్లలో ఉంటుంది.

ఆదాయమంతా రిటర్నులో చూపి, ఎఫ్‌బార్ ఒక్కటే మరిచిపోయినవారికి మార్గముంది. ఐఆర్‌ఎస్ ఈ విషయమై తమను ఇంకా సంప్రదించకపోతే, ఆలస్యానికి కారణం రాస్తూ పాత సంవత్సరాల ఎఫ్‌బార్లు ఇప్పుడైనా వేయవచ్చు. అలాంటివారి మీద ఆలస్యపు జరిమానా వేయబోమని ఐఆర్‌ఎస్ తన నిబంధనల్లో చెప్పింది. డిపాజిట్ వడ్డీ ఎవరిదో తేల్చే పాస్‌బుక్కులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నాన్న ఇక్కడ వేసిన ఆదాయపు పన్ను రిటర్నుల ప్రతులు అప్పుడు పనికొస్తాయి. వాటిని హనుమకొండలోనూ టెక్సాస్‌లోనూ ఒక్కో సెట్టు దాచుకోవడం మంచిది.