టైరు మారింది, గుర్తు మారలేదు

సర్వీసింగ్‌కి వెళ్లిన కారుకి టైర్ల రొటేషన్ చేశారనుకోండి. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారాయి. వారం తిరగకుండానే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఎడమ ముందు టైరులో గాలి 24 పీఎస్‌ఐ అని చూపిస్తోంది, ఉండాల్సింది 33. పంక్చర్ షాపులో గేజి పెట్టి చూస్తే ఆ టైరులో 33 నిక్షేపంలా ఉంది. ‘‘మీటరు పాడైందన్నా’’ అంటాడు షాపు కుర్రాడు. మీటరు బాగానే ఉంది. మేకు దిగింది ఎడమ వెనక టైరులో!

ఇలా ఎందుకవుతుందో చూద్దాం. నేరుగా గాలిని కొలిచే రకం కార్లలో ప్రతి చక్రం లోపలా, రిమ్ముకి, మామూలుగా వాల్వు వెనకే, చిన్న సెన్సర్ ఉంటుంది. దానికో బ్యాటరీ, ఓ రేడియో, ఎవరితోనూ కలవని ఓ నంబరు. అది పంపేది ఆ నంబరు, గాలి పీడనం, వేడి. తాను ఏ మూల ఉన్నదీ దానికి తెలియదు. ఫలానా నంబరు ఎడమ ముందు చక్రానిది అని గుర్తుపెట్టుకునేది కారులోని కంప్యూటరు. టైర్లు మార్చినా ఆ జాబితా పాతదే ఉంటే, వెనక టైరు కష్టం ముందు టైరు పేరు మీద కనిపిస్తుంది.

గాలి కొట్టించినప్పుడు ఈ రకానికి మామూలుగా ఏ రీసెట్టూ అక్కర్లేదు. నంబర్లు మారలేదు కదా. అయితే బ్యాటరీ ఆదా కోసం ఆగిన కారులో సెన్సర్లు దాదాపు నిద్రలో ఉంటాయి. కొన్ని మిగతావాటికంటే చురుకైనవి, గాలి పెరగ్గానే కబురు పంపుతాయి. చాలావాటికి మాత్రం చక్రం కొంత వేగంగా తిరగాలి. అందుకే బంకులో లైటు ఆరలేదని కంగారుపడి ఇంకాస్త గాలి ఎక్కించొద్దు. పావుగంట నడిపి చూడండి. అప్పటికీ ఆరకపోతే ఎక్కడో తక్కువుందనే అర్థం, బహుశా మనం గేజి పెట్టని టైరులో.

రొటేషన్ తర్వాత జాబితా సరిదిద్దడం కారుని బట్టి ఉంటుంది. కొన్ని కార్లు తమంతట తామే నేర్చుకుంటాయి. సెన్సర్ కబురు పంపిన క్షణంలో చక్రం ఏ కోణంలో ఉందో, ఏబీఎస్ చెప్పే చక్రాల తిరుగుడుతో పోల్చి, ఏది ఎక్కడుందో తేల్చేస్తాయి. కాసేపు ఆపి, తర్వాత ఓ ఇరవై నిమిషాలు నడిపితే చాలు. మరికొన్నిటికి మనిషి చెయ్యి పడాలి. అమెరికాలో షెవర్లే వంటి జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో, మెనూలోంచి నేర్చుకునే మోడ్ పెట్టగానే హారన్ రెండుసార్లు మోగుతుంది. మెకానిక్ చేతి పరికరాన్ని వాల్వు దగ్గర టైరు పక్కకి ఆనిస్తే లోపలి సెన్సర్ మేలుకుని తన నంబరు చెబుతుంది, హారన్ ఒకసారి మోగుతుంది. ఎడమ ముందు, కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక: వరస తప్పితే గుర్తులూ తప్పుతాయి. మొదటి చక్రానికి రెండు నిమిషాలు, మొత్తానికి ఐదు నిమిషాలు గడువు. దాటితే మళ్లీ మొదలు.

నేర్చుకుందో లేదో తేల్చుకోవడం తేలిక. ఒక టైరులో ఓ ఐదు పీఎస్‌ఐ తీసి, కాసేపు నడిపి, డ్యాష్‌బోర్డులో ఏ అంకె తగ్గిందో చూడాలి. వేరే మూల తగ్గితే జాబితా పాతదే. చూశాక గాలి మళ్లీ నింపడం మరవొద్దు.

ఇక చక్రాల్లో సెన్సర్లే లేని రకం ఒకటుంది. మన దగ్గర స్కోడా, ఫోక్స్‌వాగన్ కార్లు కొన్నిటిలో ఉన్నది ఇదే. గాలి తగ్గిన టైరు కొద్దిగా కుంగి, మిగతావాటికంటే ఎక్కువసార్లు తిరుగుతుంది. ఆ తేడాని ఏబీఎస్ సెన్సర్లతో పట్టుకుంటుంది. పోల్చడానికి దీనికో నమూనా కావాలి, కాబట్టి గాలి సరిచేసినా, టైర్లు మార్చినా మనమే సెట్ నొక్కాలి. చిక్కంతా ఇక్కడే. ఆ మీట గాలిని కొలవదు, ఇప్పుడున్నదే సరైనదని రాసుకుంటుంది. 24 ఉన్న టైరుతో నొక్కితే ఆ 24నే ప్రమాణం చేసుకుని, లైటు ఆర్పి ఊరుకుంటుంది. అందుకే ముందు చల్లని టైర్లలో, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత గాలి నింపాలి, తర్వాతే నొక్కాలి.

లైటు స్థిరంగా కాక, బండి తీయగానే నిమిషం పైగా మినుకుమినుకుమని ఆ తర్వాత వెలిగి ఉంటే, అది గాలి సంగతి కాదు. సెన్సర్ కబురు అందడం లేదు, లేదా కొత్త సెన్సర్ నంబరు కారుకి చెప్పలేదు. లోపలి బ్యాటరీ మామూలుగా విడిగా మార్చేది కాదు. అది అయిపోతే సెన్సరే కొత్తది వేయాలి, ఆ నంబరు కంప్యూటరులోకి ఎక్కించాలి. ఇక్కడ ఎన్నిసార్లు రీసెట్ నొక్కినా లాభం లేదు.