రికార్డింగ్‌లో పట్టేసిన పాట.. లైవ్‌లో పాడితే ఎందుకు దొరకదు? మ్యూజిక్ యాప్‌ల వెనకున్న అసలు లెక్క ఇదే!

హోటల్‌లో ఎక్కడో పాట వినిపిస్తుంది. ఫోన్ తీసి షాజామ్ ఆన్ చేస్తే కొన్ని సెకన్లలోనే పాట పేరు, సినిమా పేరు వచ్చేస్తాయి. చుట్టూ గిన్నెల చప్పుడు, జనం మాటలు ఉన్నా సరే పట్టేస్తుంది. కానీ అదే పాటని అదే గాయకుడు స్టేజీ మీద పాడుతుంటే మాత్రం చాలాసార్లు ‘దొరకలేదు’ అంటుంది. శ్రుతి కాస్త పెంచి పెట్టిన రీల్స్‌తోనూ ఇదే తంతు. అంత గోలలో పట్టిన యాప్, స్పష్టంగా వినిపిస్తున్న పాటను ఎందుకు వదిలేస్తోంది? ఎందుకంటే ఈ పద్ధతి గుర్తుపట్టేది పాటను కాదు, ఒక రికార్డింగ్‌ను. ఆ తేడా ఏంటో చూద్దాం.

2002లో ఒక ఫోన్ కాల్‌తో మొదలు

షాజామ్ సర్వీస్ 2002లో బ్రిటన్‌లో మొదలైంది. అప్పటికి స్మార్ట్‌ఫోన్ యాప్‌లు లేవు. 2580 నంబర్‌కి డయల్ చేసి, ఫోన్‌ని స్పీకర్ వైపు పట్టుకుంటే కాసేపటికి కాల్ దానంతట అదే కట్ అయ్యేది. తర్వాత పాట పేరు ఎస్ఎంఎస్‌లో వచ్చేది. దీని వెనకున్న పద్ధతిని కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఏవరీ వాంగ్ 2003లో ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. అప్పటి ఫోన్ లైన్‌లో వచ్చే నాసిరకం శబ్దంతోనూ పని జరగాలి. అందుకే ఆయన పాట మొత్తాన్ని పోల్చే ఆలోచనే పక్కన పెట్టేశారు.

పాటలో ‘చుక్కలు’ మాత్రమే చూస్తుంది

ముందుగా కంప్యూటర్ ధ్వనిని ఒక చిత్రంగా మారుస్తుంది. దీన్నే స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అడ్డంగా సమయం, నిలువుగా ఫ్రీక్వెన్సీ ఉంటాయి. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో ఈ బొమ్మలో కనిపిస్తుంది. అందులో చుట్టుపక్కల వాటికంటే గట్టిగా వినిపించే చోట్లను మాత్రమే ఉంచుకుని, మిగతాదంతా తీసేస్తుంది. ఆ చోట్లనే పీక్స్ అంటారు. చివరికి మిగిలేది రాత్రి ఆకాశంలో నక్షత్రాల్లా కనిపించే చుక్కల బొమ్మ.

హోటల్ గోలలోనూ పాట దొరకడానికి కారణం ఇదే. చప్పుడు ఎంత ఉన్నా, పాటలోని గట్టి స్వరాల్లో కొన్నైనా దాని పైకి తేలి కనిపిస్తాయి. గోల వల్ల కొత్త చుక్కలు చేరతాయి, కొన్ని పాత చుక్కలు పోతాయి. మిగిలిన పాత చుక్కలు మాత్రం తమ స్థానాల్లోనే ఉంటాయి.

రెండు చుక్కలు కలిస్తే ఒక కోడ్

ఒక్క చుక్కను పట్టుకుని వెతికితే లాభం లేదు. అలాంటి చుక్క లక్షల పాటల్లో ఉంటుంది. అందుకే ఒక చుక్కని, దాని తర్వాత కాసేపట్లో వచ్చే మరో చుక్కతో జత కడతారు. మొదటిదాని ఫ్రీక్వెన్సీ, రెండోదాని ఫ్రీక్వెన్సీ, రెండిటి మధ్య సమయం.. ఈ మూడు అంకెలు కలిస్తే ఒక కోడ్. వాహనానికి నంబర్ ప్లేట్ ఎలాగో, ఆ జంటకి ఇది అలాగన్నమాట.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. సెకనుకి 8 వేల శాంపిళ్లతో తీసిన ధ్వనిని, ఒక్కోసారి 1024 శాంపిళ్ల చొప్పున విశ్లేషిస్తున్నాం అనుకోండి. అప్పుడు ఫ్రీక్వెన్సీ నిచ్చెనలో ఒక్కో గడి సుమారు 7.8 హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. 1000 హెర్ట్జ్ దగ్గరున్న చుక్క 128వ గడిలో పడుతుంది. 1500 హెర్ట్జ్ చుక్క 192వ గడిలో పడుతుంది. సమయాన్ని 32 మిల్లీసెకన్ల అడుగులతో కొలిస్తే, రెండిటి మధ్య 0.8 సెకన్లు అంటే 25 అడుగులు. కాబట్టి మన కోడ్ 128-192-25. ఇలాంటి కోడ్‌లు ఒక్కో పాటకి వేలల్లో తయారవుతాయి. ప్రతి కోడ్ పక్కన ‘ఇది ఫలానా పాటలో, ఫలానా సెకనులో వచ్చింది’ అని రాసి డేటాబేస్‌లో పెట్టుకుంటారు.

అసలు తీర్పు ఇచ్చేది తీసివేత లెక్క

మీ ఫోన్ విన్న పది సెకన్ల ముక్క నుంచి కూడా ఇలాగే కోడ్‌లు తీస్తారు. అవి డేటాబేస్‌లో చాలా పాటల్లో అక్కడక్కడా దొరుకుతాయి. ఏది నిజం, ఏది యాదృచ్ఛికం అని తేల్చేది ఒక తీసివేత.

మీ ముక్కలో 2.1, 4.7, 7.9 సెకన్ల దగ్గర మూడు కోడ్‌లు ఉన్నాయనుకుందాం. మొదటి పాటలో అవే కోడ్‌లు 62.4, 65.0, 68.2 సెకన్ల దగ్గర దొరికాయి. తీసివేసి చూడండి. మూడుసార్లూ 60.3 వస్తుంది. అంటే మీ ముక్క ఆ పాటలో 60.3 సెకన్ల దగ్గర మొదలైంది. రెండో పాటలో మొదటి రెండు కోడ్‌లు 15.2, 140.6 సెకన్ల దగ్గర దొరికాయి. తేడాలు 13.1, 135.9. ఒకదానికొకటి పొంతన లేదు కాబట్టి ఈ పాట కాదు.

ఎక్కువ కోడ్‌లు ఒకే తేడాని చూపించిన పాటే జవాబు. అన్ని కోడ్‌లూ కలవాల్సిన పని కూడా లేదు. బాగా పాడైపోయిన 15 సెకన్ల ముక్కలో 1 నుంచి 2 శాతం కోడ్‌లు మిగిలినా సరిగ్గా గుర్తుపట్టొచ్చని వాంగ్ తన పత్రంలో రాశారు.

శ్రుతి పెంచితే ఏమవుతుంది?

ఇప్పుడు అదే పాటని హార్మోనియం మీద ఒక మెట్టు, అంటే ఒక సెమీటోన్ పెంచారనుకోండి. ప్రతి ఫ్రీక్వెన్సీ సుమారు 6 శాతం పెరుగుతుంది. 1000 హెర్ట్జ్ 1059 దాటుతుంది, 1500 హెర్ట్జ్ 1589కి చేరుతుంది. గడులు 136, 203 అవుతాయి. పాత కోడ్ 128-192-25, కొత్త కోడ్ 136-203-25. మన చెవికి అది అదే పాట. ఎందుకంటే మనం స్వరాల మధ్య దూరాన్ని వింటాం. ఈ పద్ధతికి మాత్రం నంబర్ ప్లేట్ మారిపోయింది. దాదాపు ప్రతి కోడ్‌దీ ఇదే పరిస్థితి కాబట్టి, ఆ 1 శాతం కూడా మిగలకపోవచ్చు.

స్పీడ్ పెంచితే దెబ్బ రెండు వైపులా పడుతుంది. డీజే టర్న్‌టేబుల్ మీద స్పీడ్ మార్చే మీట ఉంటుంది. ప్రసిద్ధమైన టెక్నిక్స్ 1200 మోడల్‌లో అది 8 శాతం వరకు అటూ ఇటూ జరుగుతుంది. మామూలుగా స్పీడ్ పెంచితే శ్రుతీ పెరుగుతుంది, చుక్కల మధ్య సమయమూ తగ్గుతుంది. పైగా తీసివేత లెక్క కూడా చెదిరిపోతుంది. 5 శాతం స్పీడ్ పెరిగితే, పది సెకన్లలో తేడా అర సెకను జరుగుతుంది. అన్ని కోడ్‌లూ 60.3 అనే చోట మొదటిది 60.3, చివరిది 60.8 అంటాయి. ఒకే మాట మీద నిలబడే సాక్షులు ఉండరు.

అలాగని ప్రతి చిన్న మార్పూ తప్పించుకోదు. 200 హెర్ట్జ్ చుక్క 26వ గడిలో ఉంటుంది. శ్రుతి 1 శాతం పెరిగి 202 అయినా అదే గడి. అందుకే కింది స్వరాల కోడ్‌లు కొన్ని బతికిపోయి, కొద్దిగా మార్చిన పాట దొరికిపోతుంటుంది.

లైవ్ కథ పూర్తిగా వేరు

శ్రుతి మార్చిన పాటలో పాత చుక్కలే ఉంటాయి, కాకపోతే అన్నీ ఒకే లెక్కలో జరిగాయి. లైవ్‌లో అసలు ఆ చుక్కలే ఉండవు. గాయకుడు ఒక పదాన్ని పావు సెకను ఆలస్యంగా అందుకుంటాడు. గమకం వేరేలా తిప్పుతాడు. తబలా దెబ్బ రికార్డింగ్‌లో పడిన మిల్లీసెకనులోనే పడదు. రికార్డింగ్‌లో ఉన్న వయొలిన్ల బదులు స్టేజీ మీద కీబోర్డు ఉండొచ్చు. కోడ్‌లో సమయాన్ని 32 మిల్లీసెకన్ల అడుగులతో కొలుస్తుంటే, ఎంత గొప్ప గాయకుడైనా తన పాటకి తానే సరిపోలడు. ఇది పాడటంలో లోపం కాదు, మనిషి పాడాడనడానికి గుర్తు.

దీన్ని తిరగేసి చూస్తే ఓ ఆసక్తికర విషయం బయటపడుతుంది. ‘లైవ్’ అని చెప్పిన ప్రోగ్రామ్‌లో పాట గట్టిగా మ్యాచ్ అయితే, అక్కడ స్పీకర్లలో రికార్డింగ్ మోగుతోందని అనుమానించాల్సిందే. అయితే వెంటనే ‘లిప్ సింక్’ అనెయ్యకూడదు. గొంతు నిజంగా పాడుతున్నా, వెనక ఒరిజినల్ పాట తాలూకు మైనస్ ట్రాక్ వేసి ఉండొచ్చు. అందులోని వాయిద్యాల చుక్కలు పాత స్థానాల్లోనే ఉంటాయి కాబట్టి యాప్ వాటిని పట్టేస్తుంది. సొంత గొంతుతో కవర్ సాంగ్ పాడి పెట్టిన వీడియో ఒరిజినల్ రికార్డింగ్‌తో మ్యాచ్ అవ్వడానికి ఇదొక కారణం కావచ్చు.

మరి దీనికి పరిష్కారం లేదా?

ఉంది, కానీ ప్రతి పరిష్కారానికీ ఒక ధర ఉంది. శ్రుతి, స్పీడ్ మార్పుల్ని తట్టుకునే పనాకో అనే సిస్టమ్‌ని పరిశోధకులు 2014లో ప్రకటించారు. దాని కీలకం చిన్నదే. హార్మోనియం మెట్లలా ఫ్రీక్వెన్సీలను కొలిస్తే, శ్రుతి పెంచినప్పుడు ప్రతి చుక్కా సమానంగా అన్నే మెట్లు ఎక్కుతుంది. చుక్కల మధ్య దూరం మారదు. రెండు చుక్కల బదులు మూడు తీసుకుంటే, సమయాల నిష్పత్తి కూడా స్పీడ్ మారినా అలాగే ఉంటుంది. కానీ ‘ఇక్కడ ఉంది’ అనే వివరాన్ని వదిలేసి ‘ఇంత దూరంలో ఉంది’ అన్నది మాత్రమే ఉంచుకుంటే, వేరే పాటలు కూడా పొరపాటున కలిసే అవకాశం పెరుగుతుంది.

లైవ్ పాటకి ఇది కూడా చాలదు. అక్కడ చుక్కల్ని వదిలేసి బాణీని పోల్చాలి. 2020లో గూగుల్ తెచ్చిన కూనిరాగంతో వెతికే ఫీచర్ చేసేది ఇదే. యూట్యూబ్ కంటెంట్ ఐడీ కూడా రికార్డింగ్‌తో పాటు బాణీని పోల్చే మ్యాచింగ్ వాడుతుంది. అయితే బాణీ పోలిక రికార్డింగ్ పోలిక అంత కచ్చితం కాదు. ఒకే రాగంలో, ఒకే వరసలో సాగే రెండు వేర్వేరు పాటల దగ్గర అది తడబడొచ్చు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. యాప్‌కి దొరకకపోవడం అంటే హక్కులు లేవని కాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం సాహిత్యాన్ని, సంగీతాన్ని, సౌండ్ రికార్డింగ్‌ని వేర్వేరు హక్కులుగా చూస్తుంది. ఫింగర్‌ప్రింట్ చూసేది వీటిలో మూడోదాన్ని మాత్రమే. లైవ్‌లో పాడినప్పుడు రికార్డింగ్ మారుతుంది కానీ, రాసిన మాటలు, కట్టిన బాణీ మారవు. యాప్ ‘దొరకలేదు’ అన్న పాటకి కూడా గీత రచయిత, సంగీత దర్శకుడు ఉంటారు. ఆ ఒక్క ఫలితాన్ని బట్టే లెక్కలు రాస్తే, వాళ్లకి రావాల్సిన డబ్బు ఆగిపోయే ప్రమాదం ఉంది.