తొలి బ్యాట్ కొనే ముందు

మా అక్క కొడుకు వయసు పదకొండేళ్లు, ఎత్తు 4 అడుగుల 8 అంగుళాలు. వేసవిలో క్రికెట్ కోచింగ్‌లో చేరుతుంటే మా బావ ముచ్చటపడి హ్యారో సైజు బ్యాట్ కొనిపెట్టాడు. ఎదిగే పిల్లాడు కదా, నాలుగేళ్లు పనికొస్తుందనుకున్నాడు. దాని బరువు 1,150 గ్రాములు. రెండు వారాలు తిరిగేసరికి వాడికి నిటారుగా ఆడాల్సిన బంతిని అడ్డంగా ఊడ్చడం అలవాటైంది. బరువు పై చేతికి ఆగక కింది చేత్తో లాక్కుంటున్నాడని, ముందు ఆ బ్యాట్ మార్చమని కోచ్ చెప్పాడు. దాంతో నేను వాణ్ని వెంటబెట్టుకుని కోఠిలోని ఓ స్పోర్ట్స్ షాపుకి వెళ్లాను. ఆ రోజు మేం చూసుకున్నవన్నీ తొలి బ్యాట్ కొనే ఎవరికైనా పనికొస్తాయి.

మొదట సైజు. పిల్లల బ్యాట్లు 1 నుంచి 6 వరకు, ఆపైన హ్యారో, చివరికి పెద్దవాళ్ల ‘షార్ట్ హ్యాండిల్’. దీన్ని వయసుతో కాదు, ఎత్తుతో చూడాలి. నాలుగున్నర అడుగుల నుంచి 4 అడుగుల 9 అంగుళాల వరకు 4వ సైజు సరిపోతుంది. అక్కడి నుంచి ఐదడుగుల దాకా 5, ఆపైన 5 అడుగుల 2 అంగుళాల దాకా 6. హ్యారో ఆ తర్వాతే. కంపెనీని బట్టి ఒకటి రెండు అంగుళాల తేడా ఉంటుంది కాబట్టి షాపులోనే ఒకసారి నిలబెట్టి చూడండి. షూ వేసుకుని నిలబడ్డ పిల్లవాడి కాలి పక్కన బ్యాట్ నిలబెడితే హ్యాండిల్ పైకొస తుంటి కీలు దగ్గరికి రావాలి. మావాడికి 4వ సైజు సరిగ్గా అక్కడికే వచ్చింది. హ్యారో నడుము దాటింది.

తర్వాత బరువు. ఒకే సైజులో రెండు బ్యాట్ల మధ్య వంద గ్రాముల తేడా ఉండొచ్చు, అందుకే తూకం వేయించాలి. అంతకన్నా మంచి పరీక్ష ఇంకోటుంది. కుడిచేతి వాటం పిల్లవాడైతే ఎడమచేత్తో మాత్రమే హ్యాండిల్ పైభాగం పట్టుకుని, బంతి ఆడబోతున్నట్టు బ్యాట్‌ని వెనక్కి లేపి ముందుకు తేవాలి. అలా పదిసార్లు చేయించండి. ఏడో ఎనిమిదో సారికి మోచెయ్యి కిందికి జారినా, మణికట్టు మెలిపడినా ఆ బ్యాట్ వాడికి బరువే. మావాడు 1,020 గ్రాముల బ్యాట్‌తో ఆరోసారికే ఆగిపోయాడు. 930 గ్రాములది పదిసార్లూ తేలిగ్గా లేపాడు.

ఇక చెక్క. లెదర్ బంతితో ఆడే బ్యాట్‌ని విల్లో చెట్టు కలపతో చేస్తారు. ఈ కలప తేలిక, మెత్తన. బంతి తగిలినప్పుడు పీచు కొద్దిగా నొక్కుకుని తిరిగి తన్నుతుంది, చీలిపోదు. మన మార్కెట్లో దొరికేవి రెండు రకాలు. కాశ్మీర్ విల్లో అనంతనాగ్ జిల్లా బిజ్‌బెహారా, సంగం ప్రాంతాల నుంచి వస్తుంది. జమ్ము-శ్రీనగర్ రహదారి పక్కన ఈ చెక్కల దొంతరలు కనిపిస్తాయి. రెండోది ఇంగ్లండ్ నుంచి దిగుమతయ్యే ఇంగ్లిష్ విల్లో. దాన్ని మీరట్, జలంధర్‌లలో చెక్కి బ్యాట్లుగా చేస్తారు.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఇంగ్లిష్ విల్లో తెల్లగా ఉండి, ముఖం మీద నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కో గీత చెట్టు ఎదిగిన ఒక్కో ఏడాది. కాశ్మీర్ విల్లో కాస్త గోధుమ, ఎరుపు ఛాయలో ఉంటుంది, గీతలు మసకగా ఉంటాయి. అది సాంద్రమైన చెక్క కాబట్టి అదే సైజులో కొంచెం బరువెక్కువ, బంతి ఎగసిపోయే వేగం కొంచెం తక్కువ. కానీ దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది. పిల్లల సైజుల్లో కాశ్మీర్ విల్లో దాదాపు 1,200 నుంచి 2,500 రూపాయల్లో దొరుకుతుంది. ఇంగ్లిష్ విల్లో నాలుగైదు వేల దగ్గర మొదలవుతుంది, పెద్దవాళ్ల సైజులో మేలురకం ముప్పై వేలు దాటుతుంది. బంతిని బ్యాట్ మధ్యలో తగిలించడమే ఇంకా నేర్చుకుంటున్న పిల్లవాడికి ఆ అదనపు వేగం అందదు. అంచుకి, కిందికొసకి తగిలే దెబ్బలకు ఖరీదైన మెత్తటి చెక్కే ముందు చిట్లుతుంది. పైగా ఏడాది రెండేళ్లలో సైజు మారిపోతుంది. అందుకే తొలి బ్యాట్‌కి కాశ్మీర్ విల్లో చాలు.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. ‘పాపులర్ విల్లో’ పేరుతో మూడు నాలుగు వందలకే అమ్మేది అసలు విల్లో కాదు, పోప్లర్ అనే వేరే చెట్టు చెక్క. టెన్నిస్ బంతికి ఫర్వాలేదు. లెదర్ బంతి తగిలితే పగులుతుంది. ముఖమంతా రంగు స్టిక్కర్‌తో కప్పేసిన బ్యాట్ వద్దు. చెక్క కంటికి కనిపించాలి. బంతి తగిలే చోట ముడి ఉండకూడదు. హ్యాండిల్ పట్టుకుని మెలితిప్పితే కిరకిరమనకూడదు.

కొత్త బ్యాట్‌తో ఆ సాయంత్రమే నెట్స్‌కి పరిగెత్తకూడదు. పచ్చి అవిసె నూనె, అంటే మరిగించనిది, ఓ చెంచాడు గుడ్డతో ముఖానికి, అంచులకు పలచగా రాసి ఒకరోజు బోర్లించకుండా పడుకోబెట్టాలి. హ్యాండిల్ అతికిన చోట, స్టిక్కర్ల మీద నూనె తగలనివ్వొద్దు. ముఖం మీద పారదర్శకమైన షీట్ అంటించి ఉంటే అక్కడ నూనె అవసరమే లేదు. తర్వాత చెక్క సుత్తితో రోజూ ఓ పావుగంట, వారం పది రోజులు ముఖాన్ని మెల్లగా కొట్టాలి. అంచుల్ని ఏటవాలుగా తట్టాలి, కిందికొసని నేరుగా కొట్టకూడదు. చివరగా పాత లెదర్ బంతితో చిన్న చిన్న త్రోలు ఆడించి చూడండి. ముఖం మీద బంతి కుట్టు అచ్చులు లోతుగా పడుతుంటే ఇంకో రెండు రోజులు కొట్టాలి.

బ్యాట్ మీద మిగిల్చిన డబ్బు హెల్మెట్‌కి పోవాలి. లోపలి లేబుల్ మీద బీఎస్ 7928:2013 అనే ప్రమాణం సంఖ్య ఉందో లేదో చూడండి. పిల్లల లెదర్ బంతి పెద్దవాళ్ల బంతికన్నా చిన్నది కాబట్టి పెద్దవాళ్ల హెల్మెట్ గ్రిల్ సందులోంచి అది దూరిపోవచ్చు. కోచింగ్‌లో వాడే బంతినే తీసుకెళ్లి ఆ సందులో గట్టిగా నొక్కి చూడండి, దూరకూడదు. పట్టీ పెట్టుకుని తల విదిలించినా హెల్మెట్ కదలకూడదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ని పగులు కనిపించకపోయినా మార్చేయాలి.

ప్యాడ్‌లో మోకాలు సరిగ్గా మోకాలి దిండు మధ్యలో కూర్చోవాలి. పెద్దదైతే పరుగెత్తేటప్పుడు ఒక కాలు ఇంకోదానికి తగిలి పడతారు. గ్లవ్స్‌లో వేలికొస దాటి ఖాళీ మిగిలితే హ్యాండిల్ మీద పట్టు జారుతుంది. కింది చేతి బొటనవేలికి గట్టి రక్షణ ఉందో లేదో తడిమి చూడండి. అబ్బాయిలకు పొత్తికడుపు కింద పెట్టుకునే గార్డ్ తప్పనిసరి. అది లేకుండా లెదర్ బంతి ముందు నిలబెట్టొద్దు.

మా బిల్లు ఇలా తేలింది: బ్యాట్ 1,800, హెల్మెట్ 2,000, ప్యాడ్లు 1,100, గ్లవ్స్ 800, తొడ ప్యాడ్ 500, గార్డ్ 200. మొత్తం 6,400 రూపాయలు. ఊరుని బట్టి, దుకాణాన్ని బట్టి ధరలు అటూ ఇటూ అవుతాయి. కానీ మా బిల్లులో బ్యాట్‌కన్నా హెల్మెట్‌కే ఎక్కువ పెట్టాం. మీరూ ఆ వరస మార్చకండి.

పాత హ్యారో బ్యాట్‌ని మా అక్క బీరువా మీద పెట్టింది. మావాడు ఐదడుగుల రెండంగుళాలు దాటాక, ఎడమచేత్తో దాన్ని పదిసార్లు లేపగలిగిన రోజు, అది కిందికి దిగుతుంది.