స్టిక్కర్ చుట్టూ తెల్ల అంచు

బొమ్మ ఆకారం వెంటే కత్తిరించిన స్టిక్కర్లను డై కట్ స్టిక్కర్లంటారు. వాటి చుట్టూ ఉండే తెల్ల అంచు అందం కోసమేనని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని బ్లేడుకు కాస్త చోటివ్వడం. ప్రింటయిన షీటును కటింగ్ మిషన్‌లో పెట్టినప్పుడు బ్లేడు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో పక్కకు జరగొచ్చు. చుట్టూ 3 మిల్లీమీటర్ల తెలుపు ఉంటే ఆ తేడా బొమ్మ దాకా రాదు. ఎక్కడైనా అంచు సన్నబడితే మాత్రం బొమ్మ అక్కడే తెగుతుంది.

ఇంట్లో కుక్కపిల్ల ఫొటోతో 60 మిల్లీమీటర్ల ఎత్తు స్టిక్కర్ చేస్తున్నారనుకుందాం. చాలామంది అదే బొమ్మను కాపీ చేసి, తెల్లరంగు నింపి, 10 శాతం పెద్దది చేసి వెనక పెడతారు. అప్పుడు తల మీద, పాదాల కింద 3 మిల్లీమీటర్ల అంచు వస్తుంది. వెడల్పు 30 మిల్లీమీటర్లే కాబట్టి పక్కల ఒకటిన్నరే మిగులుతుంది. కాళ్ల లోపలివైపు అసలు తెలుపే ఉండదు, ఎందుకంటే పెద్దదయిన కాళ్లు మధ్యనుంచి బయటికి జరిగిపోతాయి.

అందుకే బొమ్మను కాదు, సెలెక్షన్‌ను పెంచాలి. ఉచితంగా దొరికే GIMPలో బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన బొమ్మను తెరిచి, ముందు Canvas Sizeతో చుట్టూ 80 పిక్సెళ్ల ఖాళీ పెంచండి. ఖాళీ లేకపోతే సెలెక్షన్ ఫొటో అంచు దగ్గరే ఆగి, అంచు అక్కడ గీత గీసినట్టు తెగిపోతుంది. తర్వాత Alpha to Selection, ఆపైన Select మెనూలో Grow. 300 డీపీఐలో మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్లు, కాబట్టి 3 మిల్లీమీటర్లకు 35 ఇవ్వండి. బొమ్మ కింద కొత్త లేయర్ వేసి తెలుపు నింపితే సరి.

అసలు చిక్కు సందుల్లో వస్తుంది. తోకకూ ఒంటికీ మధ్య 7 మిల్లీమీటర్ల సందు ఉంటే, రెండు వైపుల నుంచీ మూడేసి పోగా ఒక్క మిల్లీమీటరు చీలిక మిగులుతుంది. అంత ఇరుకులో బ్లేడు తిరిగితే వినైల్ లేచిపోతుంది. దీనికి Growలో 60 ఇచ్చి, వెంటనే Shrinkలో 25 ఇవ్వండి. బయటి అంచు 35 దగ్గరే ఉంటుంది, ఇరుకు సందులు పూడిపోతాయి. మధ్యలో రంధ్రాలు మిగిలితే Remove Holes ఉంది.

తెల్లరంగు నింపాక అన్నిటికన్నా కింద ఒక నల్ల లేయర్ పెట్టి చూడండి. బ్యాక్‌గ్రౌండ్ తీసేటప్పుడు మిగిలిన ఒక్క చుక్క కూడా ఇప్పుడు 70 పిక్సెళ్ల తెల్ల మచ్చగా కనిపిస్తుంది. దాన్ని ఫొటోలో చెరిపేసి, సెలెక్షన్ మళ్లీ మొదటినుంచి చేయాలి.

ఫైలు పంపే ముందు ప్రింటింగ్ షాపువాళ్లను రెండు విషయాలు అడగండి: వాళ్ల మిషన్‌కు అంచు ఎంత కావాలి, వినైల్ తెల్లదా పారదర్శకమా. పారదర్శకమైతే తెల్ల ఇంకు వేసే ప్రింటర్ ఉంటేనే మీ అంచు కనిపిస్తుంది.