బెల్లం, కుంకుమపువ్వు: ఫోటోలో రంగు చూసి కల్తీ పట్టొచ్చా?

ఉయ్యాలవాడ మండలంలో ఏదైనా కొనాలంటే ఇప్పుడు ముందుగా వాట్సాప్‌లో ఫోటో వస్తోంది. ఉగాది పచ్చడికి బెల్లమైనా, రంజాన్ షీర్ ఖుర్మాలో వేసే జాఫ్రానైనా ఫోటో చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు ఉన్నారు. అయితే ఆ ఫోటోలో కల్తీ కనబడుతుందా? కొంత కనబడుతుంది. కానీ చాలామంది నమ్ముకునే రంగు కంటే ఆకారం ఎక్కువ చెబుతుంది.

ముందు బెల్లం సంగతి. లేత పసుపు రంగులో మెరిసే గడ్డ మార్కెట్లో తొందరగా అమ్ముడుపోతుంది. అందుకే కొన్ని బట్టీల్లో చెరుకు పాకం ఉడికేటప్పుడు హైడ్రోస్ కలుపుతారు. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. ఇది రంగును తెల్లబరుస్తుంది, దీని వల్ల బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ మిగులుతుంది. అలాగని ముదురు రంగు బెల్లం అంతా మంచిదనీ, లేత రంగుదంతా కల్తీ అనీ అనుకోకూడదు. చెరుకు రకం, నేల, పాకం ఉడికిన తీరు, నిల్వ కాలం, ఇవన్నీ రంగు మారుస్తాయి. బెండ జిగురుతో పాకాన్ని శుభ్రం చేసినా బెల్లం లేత రంగులోనే వస్తుంది.

ఇక ఫోటో దగ్గరికి వద్దాం. ఒక దుకాణదారు గడ్డ ఫోటో పంపాడనుకోండి. ఫ్రేమ్ మొత్తం బెల్లమే, పైన పసుపు బల్బు వెలుగుతోంది. ఆ ఫోటోతో రంగు గురించి ఏమీ తేల్చలేం. బల్బు వెలుతురు పసుపును పెంచుతుంది, ఫోన్ కెమెరా తనకు తోచినట్టు రంగు సర్దుతుంది. అందుకని ఆయన్ని ఇలా అడగాలి: గడ్డను పగలగొట్టి, తెల్ల కాగితం మీద పెట్టి, పగటిపూట తలుపు దగ్గర నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ లేకుండా తీయమని. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు.

ఫోటో రాగానే ముందు కాగితం చూడాలి. కాగితం పసుపుగా ఉంటే మళ్లీ తీయించాలి. కాగితం తెల్లగానే ఉండి, బెల్లం మాత్రం నిమ్మపండు రంగులో, లోపలా బయటా ఒకే తీరుగా ఉంటే అనుమానించాలి. పగిలిన ముఖంలో చక్కెర పలుకులు తళతళ మెరుస్తుంటే చక్కెర కలిపారేమో అని అనుకోవచ్చు. అది కూడా అనుమానమే, రుజువు కాదు. ఇంట్లో ఒక చెంచా బెల్లం గాజు గ్లాసు నీళ్లలో కరిగించి, కదపకుండా కాసేపు ఉంచితే సుద్దపొడి ఉంటే అడుగున తెల్లగా పేరుకుంటుంది. హైడ్రోస్ మాత్రం ఇలా దొరకదు, అది నీళ్లలో కరిగిపోతుంది.

కుంకుమపువ్వు విషయంలో ఫోటో ఇంకా బాగా పనికొస్తుంది. అసలు కుంకుమపువ్వు అంటే ఆ పువ్వు మధ్యలో ఉండే కీలాగ్రం. ఒక పువ్వుకు మూడే పోగులు. ఒక్కో పోగు పైకొన సన్నాయి బూరలా వెడల్పుగా, అంచు చీలికలుగా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ సన్నబడి ముదురు ఎరుపు నుంచి నారింజ, పసుపు రంగులోకి మారుతుంది. దీని బదులు అమ్మేవాటిలో ఒకటి రాయలసీమ రైతులకు తెలిసిన పంటే, కుసుమ పువ్వు. దాని రేకు సన్నటి గొట్టంలా ఉండి చివర అయిదు చీలికలుగా విడిపోతుంది, బూర ఆకారం ఉండదు. మొక్కజొన్న పీచుకు రంగు వేస్తే అది మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో, ఒకే ఎరుపులో ఉంటుంది. కాబట్టి నాలుగైదు పోగులు విడివిడిగా తెల్ల కాగితం మీద పరిచి, దగ్గరగా తీసిన ఫోటో అడగాలి. డబ్బా నిండా ఉన్న ఫోటోలో ఇవేవీ తెలియవు.

ఆకారం సరిపోయినా ఒక చిక్కుంది. ఒకసారి సారం తీసేసిన అసలు పోగులకే మళ్లీ రంగు వేసి అమ్మొచ్చు. అప్పుడు ఫోటో ఒక్కటి చాలదు. నాలుగు పోగులు గోరువెచ్చని నీళ్లలో వేసి, వేసిన వెంటనే ఒకటి, పది నిమిషాల తర్వాత ఒకటి ఫోటో తీయాలి. అసలుదైతే నీళ్లు నెమ్మదిగా బంగారు పసుపుగా మారతాయి, పోగు ఎర్రగానే ఉంటుంది. వేసిన క్షణంలోనే నీళ్లు ఎర్రబడి, పోగు వెలిసిపోతే అది అద్దిన రంగే.

ఫోటో చేయగలిగింది ఇంతవరకే. అనుమానం పుట్టించగలదు, సరుకు శుభ్రమైనదని సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఖాయంగా తేలాలంటే ల్యాబే దారి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత సరుకు పరీక్ష చేయించుకోవచ్చు. అయితే ఒక షరతు ఉంది. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. ఇంటికి తెచ్చుకున్నాక అనుమానం వస్తే, మళ్లీ అదే దుకాణానికి వెళ్లి, ముందుగా చెప్పి, కొత్తగా కొనాల్సిందే.